పెసర మొలకలు యాప్‌లో ఎలా లాగ్ చేయాలి: 100 గ్రాముల్లో ప్రోటీన్, కార్బ్స్ అసలు లెక్క

మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న వస్తోంది కాబట్టి ఈసారి వివరంగా రాసేస్తున్నా. "100 గ్రాముల మొలకల్లో ప్రోటీన్ ఎంత" అని వెతికితే ఒకచోట 3 అని, ఇంకోచోట 10 అని, మరోచోట 24 అని ఉంటుంది, వీటిలో ఏది నిజం అని అడుగుతున్నారు. తమాషా ఏంటంటే మూడూ నిజమే, కాకపోతే మూడూ ఒకే వస్తువు గురించి కాదు. 24 అనేది ఎండు పెసలది. 3 అనేది నాలుగైదు రోజులు పెంచిన పొడుగాటి తెల్ల మొలకలది, అంటే దాదాపు నీళ్ళే. మనలో చాలామంది ఇంట్లో ఒక రాత్రి నానబెట్టి, ఇంకో రోజు మూట కట్టి, చిన్న తోక రాగానే తినేసే మొలకలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి, సుమారు 10 దగ్గర. కేలరీలు లెక్కపెట్టే యాప్‌లో ఈ మధ్యరకానికి సరైన ఎంట్రీ దొరకడం కష్టం, గొడవంతా అక్కడే.

అందుకని నేను చెప్పే పద్ధతి ఒక్కటే: మొలకల బరువుతో మొలకల ఎంట్రీ ఎంచుకోవద్దు, మొలకల బరువుని ఎండు పెసల బరువులోకి మార్చి ఎండు పెసలుగా లాగ్ చేయండి. ఎండు పెసల అంకెలు ఎక్కడ చూసినా పెద్దగా మారవు, మారేదల్లా నీళ్ళు. ఆ నీళ్ళ సంగతి మీ వేయింగ్ మెషిన్ చెప్పేస్తుంది.

ముందు ఈ మూడు వరుసలు చూడండి

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో (చాలా యాప్‌లు అంకెలు తీసుకునేది అక్కడి నుంచే) 100 గ్రాములకి ఇలా ఉంటుంది:

- ఎండు పెసలు: 347 కేలరీలు, ప్రోటీన్ 23.9 గ్రా., కార్బ్స్ 62.6 గ్రా., అందులో ఫైబర్ 16.3 గ్రా., నీళ్ళు 9 గ్రా.
- మొలకలు, పచ్చివి: 30 కేలరీలు, ప్రోటీన్ 3 గ్రా., కార్బ్స్ 5.9 గ్రా., ఫైబర్ 1.8 గ్రా., నీళ్ళు 90 గ్రా.
- మొలకెత్తించకుండా ఉడికించిన పెసలు: 105 కేలరీలు, ప్రోటీన్ 7 గ్రా., కార్బ్స్ 19 గ్రా., నీళ్ళు 73 గ్రా.

రెండో వరుసలో నీళ్ళు ఎంతున్నాయో చూడండి, 90. మీ ఇంటి మొలకల్ని పంటి కింద పెడితే కరకరలాడుతూ లోపల ఇంకా గింజ తగులుతుంది కదా, అలాంటి వాటిలో నీళ్ళు 60 నుంచి 65 దాకా ఉంటాయి. అంటే ఆ ఎంట్రీ మీది కాదు. దాంతో లాగ్ చేస్తే తిన్నదాంట్లో మూడో వంతు కూడా లెక్కలోకి రాదు.

మొలకెత్తితే అసలేం మారుతుంది

థియరీ ఇంతకంటే ఎక్కువ చెప్పను. గింజ మొలకెత్తేటప్పుడు ఊపిరి పీలుస్తుంది, అందుకు తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని కొంచెం కొంచెంగా ఖర్చు పెడుతుంది, అది గాలిలోకీ నీళ్ళలోకీ పోతుంది. ప్రోటీన్ మాత్రం అలా ఆవిరైపోదు, కొత్తగా పుట్టదు కూడా, ముక్కలై రూపం మారుతుంది గానీ మొత్తం దాదాపు అంతే ఉంటుంది. (నానబెట్టిన నీళ్ళలోకి కాస్త కారిపోతుంది, అది లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత చిన్నది.) కాబట్టి "మొలకెత్తితే ప్రోటీన్ పెరుగుతుంది" అనే మాటలో ఉన్న నిజం ఎంతంటే, కార్బ్స్ కాస్త తగ్గడం వల్ల మిగిలినదాంట్లో ప్రోటీన్ వాటా కాస్త పెరుగుతుంది, అంతే.

ఎంత పెరుగుతుందో పై అంకెల నుంచే తేల్చుకోవచ్చు. నీళ్ళు తీసేసి చూస్తే ఎండు పెసల్లో ప్రోటీన్ వాటా 26 శాతం, పొడుగు మొలకల్లో 32 శాతం. కార్బ్స్ 69 నుంచి 62కి దిగాయి. ఇంకోలా చూద్దాం. 100 గ్రాముల ఎండు పెసల్లోని 23.9 గ్రాముల ప్రోటీన్ మొత్తం అలాగే ఉండిపోయిందనుకుంటే దాంతో 785 గ్రాముల పొడుగు మొలకలు వస్తాయి, వాటిలో కార్బ్స్ సుమారు 46.6 గ్రాములు ఉంటాయి, మొదట్లో ఉన్నవి 62.6. అంటే నాలుగైదు రోజుల్లో ఊపిరికీ, కడిగేటప్పుడు పోయిన పొట్టుకీ కలిపి 16 గ్రాములు ఖర్చు. ఇది పొడుగు మొలకల కథ. ఒక్క రోజు మొలకల్లో ఈ ఖర్చు కొద్ది శాతమే, మీ వేయింగ్ మెషిన్ తేడాలో కలిసిపోయేంత, అందుకే కింద లెక్కలో దాన్ని వదిలేస్తున్నా.

100 గ్రాముల మొలకల్లో ప్రోటీన్ 24 నుంచి 10కి పడిపోయిందని కంగారుపడేవాళ్ళూ ఉన్నారు. ఏదీ పడిపోలేదండి, గింజ అంతే ఉంది, చుట్టూ నీళ్ళు చేరాయి.

కావలసినవి

గ్రాములు చూపించే కిచెన్ వేయింగ్ మెషిన్ (1 గ్రాము తేడా పట్టేది చాలు), పెసలు, వెడల్పాటి గిన్నె, చిల్లుల గిన్నె, శుభ్రమైన పల్చటి బట్ట, పొడి టవల్, రాసుకోవడానికి ఒక కాగితం. కాగితం ఎందుకంటే మొదట తూచిన అంకె రెండో రోజుకి గుర్తుండదు, అది లేకపోతే మిగతా లెక్కంతా ఆగిపోతుంది. గిన్నె మీద చిన్న స్టిక్కర్ అంటించి దాని మీదే రాసేస్తే ఇంకా మంచిది.

ఎలా చేయాలి

1. ఎండు పెసల్ని ఏరి, కడగక ముందే తూచండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన తూకం. కడిగాక తూస్తే పైన అంటిన నీళ్ళు కూడా వచ్చేస్తాయి. ఉదాహరణకి 150 గ్రాములు అనుకుందాం, ఇక్కడి నుంచి ఇదే లెక్కతో వెళ్తా.

2. రెండు మూడుసార్లు కడిగి, పెసలు ఉబ్బడానికి చోటుండేలా గిన్నెలో మూడు నాలుగింతల నీళ్ళు పోసి 8 గంటలు నానబెట్టండి. ఎండాకాలమైతే 6 గంటలు చాలు. 12 గంటలు దాటిస్తే నీళ్ళు నురగ కట్టి వాసన మొదలవుతుంది, గింజకి గాలాడక మొలక సరిగ్గా రాదు.

3. నీళ్ళు వంపేసి చేత్తో కెలికి చూడండి. కొన్ని గింజలు నానకుండా అలాగే చిన్నగా, రాళ్ళలా మిగిలిపోతాయి. వీటిని ఏరి తీసేస్తే పంటికీ మంచిది, లెక్కకీ మంచిది. తీసినవాటిని తూచండి, అవి నీళ్ళు పీల్చలేదు కాబట్టి వాటి బరువుని సూటిగా 150లోంచి తీసేయొచ్చు. రెండు మూడు గ్రాములే అయితే వదిలేయండి, పది గ్రాములు దాటితే మాత్రం తీసేయాల్సిందే. పాత పెసలైతే ఇవి ఎక్కువ ఉంటాయి.

4. ఈ దశలో ఊరికే ఒకసారి తూచి చూడండి. నానిన పెసలు ఎండువాటికి దాదాపు రెండింతలు ఉండాలి, అంటే 150కి 300 అటూ ఇటూ. 220 దగ్గరే ఆగిపోతే సరిగ్గా నానలేదని అర్థం, ఇంకో రెండు గంటలు ఉంచండి.

5. తడి బట్టలో వదులుగా మూట కట్టండి, లేదా చిల్లుల గిన్నెలో పరిచి పైన తడి బట్ట కప్పండి. కింద నీళ్ళు నిలవకూడదు. 8 నుంచి 12 గంటలకి ఒకసారి మంచినీళ్ళతో కడిగి మళ్ళీ వడకట్టండి. సుమారు ఒక రోజుకి అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు తోక వస్తుంది, చలికాలంలో ఇంకో సగం రోజు పట్టొచ్చు.

6. ఇప్పుడు ఆరబెట్టడం. చాలామంది ఎగ్గొట్టేసే పని ఇదే. చివరిసారి కడిగాక మొలకల్ని చిల్లుల గిన్నెలో 15 నిమిషాలు వదిలి, తర్వాత టవల్ మీద పరిచి పైపైన అద్దండి. గుప్పెడు తీసుకుని పిడికిలి బిగించి తెరిస్తే అరచేతికి చెమ్మ తగలాలి గానీ నీళ్ళు కారకూడదు. అంటిన నీళ్ళతో తూస్తే బరువు ఊరికే ఇరవై ముప్ఫై గ్రాములు ఎక్కువ వస్తుంది, ఆ తర్వాత ఫ్రిజ్‌లో అవి ఆరిపోయాక రెండో రోజు తినే ప్లేటులో లెక్క తప్పుతుంది.

7. మొత్తం మొలకల్ని ఒకేసారి తూచండి. గిన్నె బరువు మెషిన్‌లో ముందే సున్నా చేసుకోవడం మర్చిపోకండి. మన ఉదాహరణలో 345 గ్రాములు వచ్చాయనుకుందాం.

8. మొలకల బరువుని ఎండు బరువుతో భాగించండి.

```
345 / 150 = 2.3
```

ఈ 2.3ని నేను "ఉబ్బు" అంటా. చిన్న తోక మొలకలకి ఇది మామూలుగా 2 నుంచి 2.6 మధ్యలో పడుతుంది.

9. తినేటప్పుడు మీ ప్లేటులోకి తీసుకున్న మొలకల్ని తూచి, ఆ బరువుని ఉబ్బుతో భాగించండి. 120 గ్రాములు తిన్నారనుకోండి:

```
120 / 2.3 = 52
```

అంటే మీరు తిన్నది 52 గ్రాముల ఎండు పెసలు. యాప్‌లో `Mung beans, mature seeds, raw` అనే ఎంట్రీ తీసుకుని 52 గ్రాములు అని కొట్టండి. 180 కేలరీలు, ప్రోటీన్ 12.4, కార్బ్స్ 32.6, అందులో ఫైబర్ 8.5 అని వస్తుంది. పని అయిపోయింది.

ఇంక 100 గ్రాముల మొలకలకి ఎంత అని కావాలంటే ఎండు పెసల అంకెల్నే 2.3తో భాగించండి: 151 కేలరీలు, ప్రోటీన్ 10.4, కార్బ్స్ 27.2, ఫైబర్ 7.1. మీ ఉబ్బు 2 అయితే ప్రోటీన్ 12 దాకా వస్తుంది, 2.6 అయితే 9 కొంచెం పైన ఉంటుంది. అందుకే "మొలకల్లో ఇంత ప్రోటీన్" అని ఒక్క అంకె చెప్పమంటే నేను చెప్పను, మీ గిన్నె చెప్పాలి.

రోజూ భాగించే ఓపిక లేనివాళ్ళకి

యాప్‌లో రెసిపీ తయారుచేసుకునే వీలుంటే ఇది చేయండి. రెసిపీలో ఒకే ఒక్క పదార్థం పెట్టండి, ఎండు పెసలు 150 గ్రాములు. సర్వింగ్‌లు ఎన్ని అని అడిగినచోట 345 అని పెట్టండి, అంటే మొలకల మొత్తం బరువు. ఇప్పుడు ఒక సర్వింగ్ అంటే ఒక గ్రాము మొలకలు. 120 గ్రాములు తింటే 120 సర్వింగ్‌లు అని కొట్టడమే, భాగహారం యాప్ చూసుకుంటుంది. తర్వాతి బ్యాచ్‌కి ఆ రెండు అంకెలు మారిస్తే చాలు. మూడు నాలుగు బ్యాచ్‌లు చేశాక మీ పద్ధతికి ఉబ్బు ఎంతొస్తుందో మీకే తెలిసిపోతుంది, అది అటూ ఇటూ 0.1 లోపలే ఆడుతుంటే ఇక ప్రతిసారీ తూచకుండా సగటు వాడుకోవచ్చు, పెసలు మార్చినప్పుడో వాతావరణం మారినప్పుడో ఒకసారి చెక్ చేసుకుంటే సరిపోతుంది.

ఎంట్రీ తప్పు ఎంచుకుంటే ఎంత తేడా

అదే 120 గ్రాముల ప్లేటు తీసుకుందాం. సరైన లెక్క ప్రోటీన్ 12.4, కార్బ్స్ 32.6, కేలరీలు 180 అని చూశాం కదా.

`Mung beans, mature seeds, sprouted, raw` ఎంట్రీతో 120 గ్రాములు కొడితే 36 కేలరీలు, ప్రోటీన్ 3.6, కార్బ్స్ 7 అని చూపిస్తుంది. ఎంట్రీ పేరులో మొలకలు అని ఉంది, మనం తిన్నదీ మొలకలే, అనుమానం ఎందుకొస్తుంది? అందుకే ఎక్కువమంది పడేది ఈ గుంటలోనే. బరువు తగ్గాలని కేలరీలు లెక్కపెట్టేవాళ్ళు రోజూ ఒక గిన్నె తింటూ 144 కేలరీలు లెక్కలోకి రాకుండా వదిలేసి, ఎందుకు తగ్గట్లేదో అర్థం కాక తల పట్టుకుంటారు.

రెండోవైపు, ఎండు పెసల ఎంట్రీతోనే 120 అని కొట్టేస్తే 416 కేలరీలు, ప్రోటీన్ 28.6 అని కనిపిస్తుంది. ప్రోటీన్ టార్గెట్ పెట్టుకున్నవాళ్ళకి ఇది చూడ్డానికి భలే ఆనందంగా ఉంటుంది, కానీ అందులో 16 గ్రాముల ప్రోటీన్ ఉత్తదే.

షుగర్ ఉన్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. కార్బ్స్ లెక్కపెట్టి ఇన్సులిన్ డోస్ వేసుకునేవాళ్ళకి 7కీ 32.6కీ తేడా చిన్న విషయం కాదు. ఫైబర్ తీసేసినా 24 గ్రాములు మిగులుతాయి, అదీ 7కి మూడింతల పైనే. ఫైబర్ తీసి లెక్కేయాలా, కలిపి లెక్కేయాలా అనేది మీ డాక్టరో డైటీషియనో చెప్పినట్టు చేయండి, నేను చెప్పగలిగింది గింజ లెక్క వరకే. ఇన్నాళ్ళూ తప్పు ఎంట్రీతో డోస్ సెట్ అయి ఉంటే ఒక్కసారిగా అంకె మార్చేసి డోస్ మార్చుకోకండి, ముందు వాళ్ళకి చూపించండి.

కార్బ్స్ దగ్గర ఇంకో తిరకాసు

పైన నేనిచ్చిన 62.6లో ఫైబర్ కలిసే ఉంది. కొన్ని దేశాల పట్టికలూ లేబుళ్ళూ ఫైబర్‌ని కార్బ్స్‌లో కలపవు, విడిగా రాస్తాయి. అలాంటిచోట ఎండు పెసలకి కార్బ్స్ 46 చుట్టుపక్కల కనిపిస్తుంది, అది తప్పు కాదు, 62.6లోంచి 16.3 తీసేస్తే వచ్చేది అదే. చిక్కు ఎక్కడంటే, ఒకసారి ఒక ఎంట్రీ, ఇంకోసారి ఇంకో ఎంట్రీ వాడితే మీ వారం గ్రాఫ్‌లో కార్బ్స్ ఏ కారణం లేకుండా పైకీ కిందకీ ఊగుతుంది. ఏదో ఒకటి ఎంచుకుని ఫేవరెట్‌లో పెట్టేసుకోండి. 46 ఉన్న ఎంట్రీ ఎంచుకుంటే దాంట్లోంచి మళ్ళీ ఫైబర్ తీసేసి నెట్ కార్బ్స్ అని లెక్కేయకండి, రెండుసార్లు తీసినట్టవుతుంది.

ఎవరో పెట్టిన ఎంట్రీ నమ్మొచ్చా లేదా, అర నిమిషంలో చెక్

యాప్‌లలో మనలాంటివాళ్ళు చేర్చిన ఎంట్రీలే ఎక్కువ, వాటిలో చెత్త బోలెడు. ఒక చిన్న చెక్ ఉంది. పెసలు ఎండువైనా, మొలకలైనా, ఉడికినవైనా కార్బ్స్ అంకె ప్రోటీన్ అంకెకి సుమారు రెండు నుంచి రెండున్నర, మహా అయితే రెండుం ముప్పావు రెట్లు ఉంటుంది. నీళ్ళు కలిస్తే రెండూ కలిసే పలచబడతాయి కాబట్టి ఈ నిష్పత్తి పెద్దగా కదలదు. "మొలకలు: ప్రోటీన్ 14, కార్బ్స్ 8" అని ఎక్కడైనా కనిపిస్తే అది పెసర మొలక కాదు, లేదా ఎవరో తోచింది కొట్టారు. అలాగే కేలరీలు కూడా చూడండి, ప్రోటీన్‌నీ కార్బ్స్‌నీ కలిపి నాలుగుతో గుణిస్తే కేలరీల అంకెకి దగ్గరగా రావాలి. పొడుగు మొలకల ఎంట్రీలో ఇది కొంచెం ఎక్కువొస్తుంది, 30కి బదులు 36, అది పర్వాలేదు. సగమో రెట్టింపో వస్తే మాత్రం ఆ ఎంట్రీ జోలికి పోకండి.

ఫ్రిజ్‌లో పెట్టినవి, ఉడికించినవి

ఫ్రిజ్‌లో పెట్టినా మొలకలు పూర్తిగా ఆగవు, మెల్లగా పెరుగుతూనే ఉంటాయి, డబ్బా మూత వదులుగా ఉంటే ఆరిపోతుంటాయి కూడా. మొదటి రోజు లెక్కేసుకున్న ఉబ్బు మూడో రోజుకి సరిపోకపోవచ్చు. దీనికి సులువైన మార్గం, మిగిలిన మొలకల్లో ఎంత ఎండు పెసలు ఉన్నాయో లెక్క పెట్టుకోవడం. 345లోంచి 120 తిన్నారు, మిగిలింది 225, అంటే ఎండు లెక్కన 150లోంచి 52 పోగా 98. రెండు రోజుల తర్వాత ఆ 225 తూస్తే 210 ఉందనుకోండి, కొత్త ఉబ్బు 210ని 98తో భాగిస్తే 2.14. ఇప్పటి నుంచి ఇది వాడండి. డబ్బా మొత్తం ఒకేసారి తినేస్తుంటే ఇదేమీ అక్కర్లేదు, తూకం కూడా అక్కర్లేదు, 98 అని కొట్టేయండి.

ఉడికించినా ఆవిరి పట్టినా ఇదే సూత్రం. నీళ్ళు చేరితే బరువు పెరుగుతుంది, వేయిస్తే తగ్గుతుంది, లోపలున్న పెసలు మారవు. మొత్తం 345 గ్రాములూ ఆవిరి మీద పెట్టాక 380 అయితే ఉబ్బు 2.53. ఇందులో నూనె, ఉల్లిపాయ, టమాటా లాంటివి కలిపితే వాటిని ముందే తూచి విడిగా రాసుకోండి, ముఖ్యంగా నూనె, ఎందుకంటే ఒక టేబుల్ స్పూన్ నూనెకే 120 కేలరీలు, అంటే మీ మొలకల ప్లేటులో మూడింట రెండొంతులు. ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే కాస్త ప్రోటీనూ కార్బ్సూ దాంతో పోతాయి, అది కొలవడం మన వల్ల కాదు, అందుకే నేను ఆవిరి పట్టడమే మేలంటా.

పచ్చిగా తినడం గురించి ఒక హెచ్చరిక. మొలకలు పెరిగే వెచ్చటి తడి వాతావరణమే సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాకి కూడా కావాల్సింది, అవి గింజ పగుళ్ళలో ఉంటే కడిగినా పోవు. గర్భిణీలు, చిన్నపిల్లలు, పెద్దవయసువాళ్ళు, ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్ళు పచ్చివి తినకుండా బాగా పొగలొచ్చేదాకా ఉడికించుకోవాలి. జిగురుగా తగిలినా, పుల్లటి వాసన వచ్చినా ఎవరూ తినొద్దు, లెక్క వేసుకోవద్దు, పారేయండి.

మామూలుగా జరిగే తప్పులు

కప్పుతో కొలవడం. ఎండు పెసలు ఒక కప్పు 207 గ్రాములు, పొడుగు మొలకలు ఒక కప్పు 104 గ్రాములు, చిన్న తోక మొలకలైతే తోక పొడుగుని బట్టీ ఎంత కుక్కారో దాన్ని బట్టీ ఎంతైనా రావచ్చు. కప్పు మర్చిపోండి.

ఉబ్బుని తిరగేసి వాడటం. 120ని 2.3తో గుణించి 276 అని కొట్టేసినవాళ్ళున్నారు. ఒక్కటే గుర్తుంచుకోండి, ఎండు బరువు ఎప్పుడూ మొలకల బరువు కంటే చిన్నదే ఉండాలి.

పొట్టు తీసేయడం. కడిగేటప్పుడు తేలిన పచ్చ పొట్టు కొంతమంది పారబోస్తారు. పొట్టు ఎక్కువగా ఫైబరే కాబట్టి ప్రోటీన్ లెక్కకి పెద్ద ఢోకా లేదు, కానీ ఫైబర్ అంకె యాప్ చూపించినంత ఉండదు. పొట్టంతా శ్రద్ధగా ఒలిచేవాళ్ళు ఫైబర్ అంకెని నమ్మకండి, మిగతావాళ్ళు పట్టించుకోనక్కర్లేదు.

ఉబ్బు 3 దాటిందంటే మూడిట్లో ఒకటి: నీళ్ళు సరిగ్గా ఆరలేదు, ఎండు తూకం తప్పు, లేదా మొలకలు నిజంగానే పొడుగయ్యాయి. తోక రెండు మూడు సెంటీమీటర్లు ఉంటే మూడోదే. అప్పుడూ ఇదే పద్ధతి పనిచేస్తుంది, కాకపోతే ఊపిరికి పోయిన కార్బ్స్ ఇక వదిలేసేంత చిన్నవి కాదు, యాప్ కార్బ్స్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. వేలెడు పొడుగున, గింజ కరిగిపోయి కాడ మాత్రమే మిగిలిన తెల్ల మొలకలైతే ఇంక ఏ లెక్కా వద్దు, `sprouted, raw` ఎంట్రీ ఉన్నది వాటి కోసమే.

కొన్న మొలకలైతే? ఎండు బరువు తెలియదు కదా

ప్యాకెట్ మీద పోషకాల పట్టిక ఉంటే ముందు పైన చెప్పిన నిష్పత్తి చెక్ చేసి, సరిగ్గా ఉంటే అదే వాడండి. పట్టిక లేకపోతే, ఇంట్లో ఓవెన్ ఉంటే ఒకసారి ఇలా చేసి చూడొచ్చు. మొలకల్ని పైపైన ఆరబెట్టి 50 గ్రాములు తూచి ట్రేలో పలచగా పరవండి. 105 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఉంచి తూచండి, ఇంకో అరగంట పెట్టి మళ్ళీ తూచండి, రెండు అంకెలూ ఒకటే వస్తే నీళ్ళన్నీ పోయినట్టే. మాడి గోధుమరంగు వచ్చిందంటే వేడి ఎక్కువైంది, ఆ లెక్క పనికిరాదు. మైక్రోవేవ్‌తో ప్రయత్నించకండి, బయట తడిగా ఉండగానే లోపల మాడుతుంది.

18.5 గ్రాములు మిగిలిందనుకుందాం. మామూలు ఎండు పెసల్లోనూ 9 శాతం నీళ్ళుంటాయి కాబట్టి దీన్ని 0.91తో భాగించాలి, 20.3 వస్తుంది. 50 గ్రాముల మొలకలంటే 20.3 గ్రాముల ఎండు పెసలన్నమాట, ఉబ్బు 2.46. ఆ బ్రాండ్ మొలకలు ప్రతిసారీ ఒకే పొడుగులో వస్తుంటే ఈ ఒక్క అంకెతో నడిపించేయొచ్చు. ఓవెన్ లేదంటే తోక పొడుగు చూసి ఎంచుకోండి: తోక సెంటీమీటరు లోపుంటే 2.3 అనుకోండి, అటూ ఇటూ పది పదిహేను శాతం తప్పు పోతుంది. మొలకల ఎంట్రీతో కొడితే పోయే డెబ్భై ఎనభై శాతం కంటే ఇది చాలా నయం.

పాత లాగ్‌లు ఏం చేయాలి అని కూడా అడుగుతున్నారు. చిన్న తోక మొలకల్ని `sprouted, raw` కింద కొట్టుంటే అక్కడున్న కేలరీలని 5తో, కార్బ్స్‌ని 4.6తో, ప్రోటీన్‌ని 3.4తో గుణిస్తే అసలు అంకెకి దగ్గరగా వస్తుంది. ఒక నెల సగటు కోసమైతే ఇది చాలు, ఒక్కో ఎంట్రీ తెరిచి దిద్దుతూ కూర్చోకండి.